కిడ్నీల మార్పిడిలో బేసి వలయం

భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. భార్య తన కిడ్నీ ఒకటి ఇస్తానంటుంది. పరీక్షలు చేస్తే ఆవిడ కిడ్నీ ఆయనకు సరిపడదని తేలుతుంది. మరో కుటుంబంలో కొడుక్కి తల్లి ఇవ్వబోతే అక్కడా అదే కథ. అయితే ఈ భార్య కిడ్నీ ఆ కొడుక్కి, ఆ తల్లి కిడ్నీ ఈ భర్తకు సరిపోతే రెండు కుటుంబాలూ దాతల్ని ఇచ్చిపుచ్చుకోవచ్చు. దీన్నే స్వాప్ ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దగ్గరి బంధువులైన దాతల మధ్య ఇలాంటి మార్పిడిని అనుమతించింది. మామూలుగా నాలుగు ఆపరేషన్లూ ఒకేసారి చేస్తారు. ఒక దాత ముందే ఇచ్చేసి, ఆ తర్వాత అవతలివాళ్లు మనసు మార్చుకుంటే ఈ కుటుంబం రెండు విధాలా నష్టపోతుంది కదా.

రెండు కుటుంబాలైతే ఇందులో లెక్కేమీ లేదు. జాబితాలో వంద కుటుంబాలుండి, ఒక్కొక్క కుటుంబం అయిదారింటితో సరిపడుతుంటే ఎవరిని ఎవరితో కలపాలి? ఒక కుటుంబం ఒక్క మార్పిడిలోనే పాల్గొనగలదు, వీలైనన్ని ఎక్కువ కుటుంబాలకు మేలు జరగాలి. కాగితం మీద ఒక్కో కుటుంబానికి ఒక్కో చుక్క పెట్టి, పరస్పరం సరిపడే చుక్కల మధ్య గీత గీస్తే గణితంవాళ్లు గ్రాఫ్ అనేది తయారవుతుంది. ఆ గీతల్లోంచి కొన్నిటిని ఎంచుకోవాలి, ఏ చుక్క దగ్గరా ఎంచుకున్న గీతలు రెండు కలవకూడదు. ఈ ఎంపికను మ్యాచింగ్ అంటారు. మనం జతలు అనుకుందాం.

చేతికందిన గీతనల్లా జత చేసుకుంటూ పోతే దెబ్బ తింటాం. నాలుగు కుటుంబాలు వరసగా ఒకదాని పక్కన ఒకటి గీతలతో కలిసి ఉన్నాయనుకోండి. మధ్య రెండింటినీ ముందే జత చేస్తే అటూ ఇటూ ఉన్నవి ఒంటరిగా మిగిలిపోతాయి. అప్పుడేం చేయాలి? ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. మొదటి గీత జతలో లేనిది, రెండోది జతలో ఉన్నది, మూడోది మళ్లీ లేనిది. ఈ ఏకాంతర మార్గంలో ఉన్నదాన్ని తీసేసి లేనిదాన్ని పెడితే ఒక జత స్థానంలో రెండొస్తాయి. జతలేని చుక్క దగ్గర మొదలై, గీతలు ఇలా మారుతూ, మరో జతలేని చుక్క దగ్గర ముగిసే ఏ దారైనా జతల సంఖ్యను ఒకటి పెంచుతుంది. అలాంటి దారి ఒక్కటీ లేదంటే ఉన్న జతలే గరిష్ఠమని ఫ్రెంచి గణితవేత్త క్లోద్ బెర్జ్ 1957లో నిరూపించాడు. ఈ మాట ఏ గ్రాఫుకైనా వర్తిస్తుంది. అంటే మొత్తం సమస్య ఒక్క పనికి కుదించుకుపోయింది: పెంచే దారి ఉందో లేదో వెతకడం.

ఈ వెతుకులాట చూడ్డానికి తేలిక. జతలేని ఒక చుక్క దగ్గర మొదలుపెట్టి దానికి ‘సరి’ అని గుర్తు వేస్తాం. దాని పొరుగు చుక్కలకు ‘బేసి’. బేసి చుక్క నుంచి ఎటుబడితే అటు పోవడానికి లేదు, దాని జత దగ్గరికే పోవాలి. ఆ జతకు ‘సరి’. సరి చుక్క నుంచి మళ్లీ అన్ని వైపులా చూడొచ్చు. గుర్తు పడిన చుక్కను మళ్లీ ముట్టుకోం. ఎక్కడైనా జతలేని కొత్త చుక్క తగిలితే దారి దొరికినట్టే. ప్రతి చుక్కనూ ఒక్కసారే చూస్తాం కాబట్టి పని త్వరగా తెములుతుంది.

చుక్కలు రెండు పక్షాలుగా ఉండి, గీతలన్నీ ఒక పక్షం నుంచి రెండో పక్షానికే పోతుంటే ఈ పద్ధతి ఎప్పుడూ తప్పదు. ఉద్యోగాలు ఒక పక్క, అభ్యర్థులు మరో పక్క ఉన్నట్టన్నమాట. ప్రతి అడుగుకూ పక్షం మారుతుంది. అందుకని మొదలుపెట్టిన పక్షంలోని చుక్కకు ఏ దారిన వచ్చినా సరి సంఖ్యలోనే అడుగులు పడతాయి, అవతలి పక్షపు చుక్కకు బేసి సంఖ్యలోనే. చుక్క గుర్తును దాని పక్షమే తేల్చేస్తోంది, మనం వచ్చిన దారి కాదు. ఒకసారి వేసిన గుర్తును తిరగదోడాల్సిన అవసరం రాకపోవడానికి ఆధారమంతా ఇదే.

కిడ్నీల విషయంలో రెండు పక్షాలున్నాయా? అడ్డుపడేది బ్లడ్ గ్రూపు ఒక్కటే అయితే, విచిత్రంగా, ఉన్నాయి. ఓ గ్రూపు రోగికి ఓ దాతే కావాలి. ఓ దాత ఉన్న కుటుంబానికి గ్రూపు ఎప్పుడూ అడ్డం కాదు, వాళ్లు జాబితాలోకే రారు. ఏబి దాత కిడ్నీ ఏబి రోగికే పనికొస్తుంది, ఆ రోగికి ఎవరిదైనా సరిపోతుంది కాబట్టి అతనూ జాబితాలో ఉండడు. ఇలా తీసేసుకుంటూ పోతే ఇచ్చిపుచ్చుకోగలిగినవి రెండే రకాలు మిగులుతాయి: ఏ రోగి, బి దాత ఉన్న కుటుంబాలు ఒక పక్షం, బి రోగి, ఏ దాత ఉన్నవి రెండో పక్షం. అచ్చమైన ద్విపక్ష గ్రాఫ్.

కానీ అడ్డంకి గ్రూపు ఒక్కటే కాదు. గతంలో రక్తం ఎక్కించుకున్నవాళ్ల శరీరంలో, కాన్పులైన స్త్రీలలో, ముందొకసారి కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లలో ఇతరుల కణాలను ఎదిరించే యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. గ్రూపు కలిసినా క్రాస్‌మ్యాచ్ పరీక్షలో తేడా వస్తుంది. రోగిదీ దాతదీ ఏ గ్రూపే అయినా యాంటీబాడీల వల్ల ఆగిపోయిన కుటుంబాలు ఇలా జాబితాలోకి చేరతాయి. అలాంటి మూడు కుటుంబాలలో ఏ రెండు తీసుకున్నా పరస్పరం సరిపడవచ్చు. మూడు చుక్కలు, మూడు గీతలు, ఒక త్రికోణం. దీన్ని రెండు పక్షాలుగా విడదీయడం ఎవరి తరమూ కాదు. అయిదు కుటుంబాల వలయమైనా, ఏడింటిదైనా అంతే. ద్విపక్ష గ్రాఫుల్లో ఎన్నటికీ కనపడనిది ఈ బేసి వలయం.

అది చేసే హాని ఏమిటో ఆరు కుటుంబాలతో చూడొచ్చు. క, చ, ట అనే మూడు తమలో తాము సరిపడతాయి. త, ప, య అనే మూడూ అంతే. ఈ రెండు త్రికోణాలకూ మధ్య ఒకే ఒక గీత ఉంది, చ నుంచి ప కు. ప్రస్తుతం చ, ట ఒక జత. ప, య ఒక జత. క, త ఒంటరి. క కు సరి గుర్తు వేసి వెతుకుదాం. జాబితా వరసలో మొదటి పొరుగు చ, దానికి బేసి. దాని జత ట కు సరి. ట నుంచి చూస్తే క, చ తప్ప ఎవరూ లేరు, ఇద్దరికీ గుర్తులు పడిపోయాయి. వెతుకులాట ఆగిపోయింది. చ నుంచి ప కు గీత ఉంది కదా అంటే, చ బేసి చుక్క, దాని నుంచి జత దగ్గరికే పోవాలి. సరే, రెండో కొస త నుంచి మొదలుపెడితే? మొదటి పొరుగు ప కు బేసి, య కు సరి, అక్కడితో ఆగిపోయింది. రెండు వైపులా దారి లేదు కాబట్టి రెండు జతలే గరిష్ఠమని పద్ధతి తేల్చేస్తుంది.

అది అబద్ధం. క నుంచి ట కు, ట నుంచి దాని జత చ కు, చ నుంచి ప కు, ప నుంచి దాని జత య కు, య నుంచి త కు దారి ఉంది. తిప్పేస్తే క–ట, చ–ప, య–త మూడు జతలవుతాయి, ఆరు కుటుంబాలూ గట్టెక్కుతాయి. పద్ధతి చ కు బేసి గుర్తు వేసి ఊరుకుంది. క నుంచి చ కు నేరుగా ఒక్క అడుగు, ట మీదుగా చుట్టి వస్తే రెండడుగులు. అంటే చ కు బేసి దారీ ఉంది, సరి దారీ ఉంది. మనకు కావలసింది రెండోది, ముందు కనిపించింది మొదటిది. బేసి వలయంలో ఒక చుక్క నుంచి మరో చుక్కకు ఇటు తిరిగితే బేసి అడుగులు పడితే అటు తిరిగితే సరి అడుగులు పడతాయి, ఎందుకంటే రెంటినీ కలిపితే బేసి రావాలి. ఎవరు ముందు కనిపించారన్న యాదృచ్ఛికం మీద ఒక కుటుంబం గతి ఆధారపడింది.

ఇక్కడ చాలామందికి తోచే మొదటి ఉపాయం, వరస మార్చి మళ్లీ ప్రయత్నించడం. ట ను ముందు చూసి ఉంటే ఈ దారి దొరికేదే. నిజమే, కానీ దారిలో ఇలాంటి త్రికోణాలు 20 తగిలితే ఒక్కొక్కదాని దగ్గర రెండేసి వరసల చొప్పున కలయికలు 10 లక్షలు దాటుతాయి. 40 అయితే లక్ష కోట్ల పైమాటే.

రెండో ఉపాయం ఇంకా ఆకర్షణీయంగా ఉంటుంది, ఇంకా ప్రమాదకరం కూడా. ఒక చుక్కకు రెండు గుర్తులూ ఉండొచ్చని అనుమతిస్తే పోలేదా? సరిగా ఒకసారి, బేసిగా ఒకసారి చూస్తే పని రెట్టింపవుతుంది, అంతేగా! మరో ఆరు కుటుంబాలు తీసుకుందాం: మ, ర, ల, వ, శ, స. ర, ల ఒక జత. వ, శ ఒక జత. మ, స ఒంటరి. మ కూ స కూ ర ఒక్కటే సరిపడుతుంది. ల, వ, శ త్రికోణం. మ నుంచి ర, అక్కడి నుంచి జత ల, తర్వాత వ, దాని జత శ. శ నుంచి మళ్లీ ల కు వస్తాం, ఈసారి బేసిగా. ల నుంచి దాని జత ర, ఈసారి సరిగా. ర నుంచి స. గీతలు ఒకటి తప్పించి ఒకటి చక్కగా మారాయి, రెండు కొసల్లోనూ జతలేనివాళ్లే. పద్ధతి దారి దొరికిందని సంబరపడుతుంది. తిప్పి చూడండి. ర కు మ తోనూ జత, స తోనూ జత. ల కు వ తోనూ, శ తోనూ. అంటే ర కుటుంబంలోని దాత ఒకే కిడ్నీని ఇద్దరికి ఇవ్వాలి. వలయం చుట్టూ తిరిగి వచ్చిన దారినే వెనక్కి నడిచామన్నది గుర్తులు చెప్పలేవు, అవి అడుగుల సరిబేసినే చెబుతాయి. మొదటి పద్ధతి ఉన్న దారిని చూడలేకపోతే రెండోది లేని దారిని చూపిస్తోంది.

ఈ చిక్కును విప్పినవాడు జాక్ ఎడ్మండ్స్. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసేవాడు. ‘పాత్స్, ట్రీస్, అండ్ ఫ్లవర్స్’ అన్న ఆయన వ్యాసం 1965లో కెనడా గణిత పత్రికలో వచ్చింది. శీర్షికలోని పూలు అలంకారానికి పెట్టినవి కావు. జతలేని చుక్క నుంచి వలయం దాకా వచ్చే దారి కాడ, వలయం పువ్వు, రెండూ కలిసే చుక్కను తొడిమ అనుకోవచ్చు. మ–ర–ల అనే కాడకు ల దగ్గర పూసిన మూడు రేకుల పువ్వే పై ఉదాహరణ.

పువ్వును పసిగట్టడానికి ఎడ్మండ్స్ పట్టుకున్న ఆనవాలు చాలా చిన్నది. రెండు సరి చుక్కల మధ్య గీత కనపడటం. ద్విపక్ష గ్రాఫులో ఇది జరగదు, సరి చుక్కలన్నీ ఒకే పక్షంలో ఉంటాయి కాబట్టి. మన మొదటి ఉదాహరణలో ట సరి, క సరి, మధ్యన గీత ఉంది. పాత పద్ధతి ఆ గీతను ‘గుర్తులు పడ్డవే కదా’ అని దాటేసింది. ఎడ్మండ్స్ అక్కడే ఆగాడు. రెండు చుక్కల నుంచీ వెనక్కి నడిచి దారులు కలిసేచోటు చూస్తే వలయం బయటపడుతుంది. అప్పుడు ఆయన చేసిన పని, ఆ వలయాన్నంతా ఒకే చుక్కగా ముడిచేయడం. ఏ చుక్కకు ఏ గుర్తు అన్న తగాదాయే లేకుండా పోయింది. లోపలి ప్రతి చుక్కకూ ఇటో అటో తిరిగి సరి అడుగుల్లో చేరుకోవచ్చు కాబట్టి మొత్తం పువ్వుకు సరి గుర్తే.

క, చ, ట లను ముడిచి చూద్దాం. పువ్వు సరి చుక్క, దాని నుంచి అన్ని వైపులా చూడొచ్చు. బయటికి పోయే గీత ఒక్కటే, చ నుంచి ప కు వెళ్లేది. ప కు బేసి, దాని జత య కు సరి. య పక్కన త ఉంది, జతలేనిది. దారి దొరికింది: పువ్వు, ప, య, త. ఇప్పుడు పువ్వును విప్పాలి. బయటికి వెళ్లింది చ లోంచి, తొడిమ క. క నుంచి చ కు రెండు దారుల్లో సరి అడుగులున్నది ట మీదుగా వెళ్లేది. అది అతికిస్తే క–ట–చ–ప–య–త. ఎవరినీ ముందు చూశామా, వెనక చూశామా అన్నదానితో నిమిత్తం లేకుండా వచ్చింది. రెండో ఉదాహరణలోనూ ఇదే పద్ధతి నిజం చెబుతుంది. శ, ల రెండూ సరి కాబట్టి ల, వ, శ ముడుచుకుపోతాయి. ఆ పువ్వుకు బయట ఉన్న పొరుగు ర ఒక్కటే, అది ఇప్పటికే బేసి. వెనక్కి నడిచే దొంగదారికి చోటు లేదు, వెతుకులాట ఆగిపోతుంది.

ముడవడం వల్ల ఏదైనా దారి పోగొట్టుకుంటామా, లేనిది పుట్టిస్తామా అన్న సందేహం రావాలి. వ్యాసంలోని అసలు రుజువు రెండూ జరగవనేదే. అయితే దానికో షరతుంది. కనిపించిన ప్రతి బేసి వలయాన్నీ ముడిచేయకూడదు. అయిదు చుక్కల వలయంలో రెండు జతలు, ఏడింటిలో మూడు ఉండి, తొడిమ ఒక్కటే లోపల జత లేకుండా మిగలాలి. ఆ తొడిమకు జతలేని మొదటి చుక్క నుంచి సరి అడుగుల కాడ ఉండాలి, లేదా తొడిమే ఆ మొదటి చుక్క కావాలి. కాడ లేని వలయాన్ని ముడిస్తే నిజంగా ఉన్న దారి కనపడకుండా పోవచ్చు. ఇంకో చిక్కు, ముడిచిన పువ్వే మరో పెద్ద వలయంలో ఒక రేకు కావచ్చు. పువ్వులో పువ్వు, దానిలో ఇంకొకటి. విప్పేటప్పుడు చివర ముడిచినదాన్ని ముందు విప్పాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. అందుకే తెలిసినవాళ్లు తమ ప్రోగ్రాముకు ఎనిమిది, పది చుక్కల గ్రాఫులు వేలకొద్దీ ఇచ్చి, అన్ని కలయికలూ చూసే మొద్దు పద్ధతి ఇచ్చిన జవాబుతో పోల్చి చూస్తారు.

నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది, లేదని చెప్పినప్పుడు ఎందుకు లేదో కూడా చూపగలగడం. మ, ర, ల, వ, శ, స లలో ఇద్దరు మిగిలిపోతారని డాక్టరు చెబితే ఆ కుటుంబాలు నమ్మాలి కదా. వెతుకులాట ఆగిపోయినప్పుడు బేసి గుర్తు పడ్డది ర ఒక్కటే. దాన్ని కాగితం మీంచి చెరిపేయండి. మిగిలినవి మూడు దీవులవుతాయి: మ ఒంటరి, స ఒంటరి, ల–వ–శ ముగ్గురు. మూడింటిలోనూ సంఖ్య బేసే, కాబట్టి ప్రతి దీవిలో ఒకరికి లోపల జత దొరకదు. ఆ ముగ్గురికీ బయట దిక్కు ర ఒక్కటే, అది ఒకరికే జతవుతుంది. ఇద్దరు మిగలక తప్పదు. వెతికిన పద్ధతి తెలియకపోయినా ఈ వాదన ఎవరైనా సరిచూసుకోవచ్చు. బేసి దీవులను లెక్కించడం బ్రిటిష్ గణితవేత్త విలియం టట్ 1947లో చెప్పిన సిద్ధాంతం నుంచి వచ్చింది, ఎంతమంది మిగులుతారన్న కచ్చితమైన సూత్రాన్ని తర్వాత బెర్జ్ ఇచ్చాడు. ఎడ్మండ్స్ పద్ధతి ఆగినప్పుడు చేతిలో మిగిలే పూలే ఆ దీవులు.

ఎడ్మండ్స్ ఈ వ్యాసంలోనే మరో మాట వాదించాడు. అన్ని కలయికలూ చూస్తే జవాబు ఎప్పటికైనా వస్తుందనడం చాలదు, చుక్కలు పెరిగేకొద్దీ పని వాటి సంఖ్య ఘాతం మేరకే పెరగాలి, రెట్టింపవుతూ పోకూడదు అని. ఆయన పద్ధతిలో అడుగులు చుక్కల సంఖ్య నాలుగో ఘాతాన్ని మించవు. తర్వాతివాళ్లు దాన్ని ఘనానికి దించారు. ద్విపక్ష గ్రాఫులకు హాప్‌క్రాఫ్ట్, కార్ప్ 1973లో సాధించిన వేగాన్నే అన్ని గ్రాఫులకూ 1980లో సిల్వియో మికాలీ, విజయ్ వజీరానీ తెచ్చారు. కిడ్నీల జాబితాలకు ఈ గణితాన్ని జోడించింది మాత్రం ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, టేఫున్ సోన్మెజ్, ఉట్కూ ఉన్వర్. ఇద్దరిద్దరి మార్పిడి మీద వాళ్ల వ్యాసం 2005లో వచ్చింది.

ఇద్దరిద్దరే ఎందుకు, ముగ్గురి మధ్య మార్పిడి చేస్తే? ల దాత వ కు, వ దాత శ కు, శ దాత ల కు ఇస్తే త్రికోణం మొత్తం ఒక్క దెబ్బకు తీరిపోతుంది. మ, ర జతవుతాయి. ఆరింటిలో అయిదు కుటుంబాలకు కిడ్నీలు దొరుకుతాయి, మిగిలేది స ఒక్కటే. జతలకు అడ్డం వచ్చిన బేసి వలయమే ఇక్కడ లాభమైంది. దానికి ఆస్పత్రి వైపు నుంచి ఒకేసారి ఆరు ఆపరేషన్లు జరగాలి. గణితం వైపు నుంచి అంతకంటే పెద్ద అడ్డంకి ఉంది. ముగ్గురి మార్పిడులను కూడా కలిపి గరిష్ఠం కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ సమస్య అని అబ్రహాం, బ్లమ్, శాండ్‌హోమ్ 2007లో చూపించారు. పువ్వులు ముడిచే కిటుకు అక్కడ పనిచేయదు, అలాంటి వేగవంతమైన మరో పద్ధతి ఎవరికీ దొరకలేదు. ముగ్గురి మార్పిడులు చేసే పెద్ద కార్యక్రమాలు పూర్ణాంక ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆ లెక్క తేల్చుకుంటున్నాయి.